సుద్దముక్కదా తప్పు, బోర్డుదా?

మార్కాపురం దగ్గరి ఓ పల్లెలో బడి పంతులుగా ఉన్న నా మిత్రుడు ఈమధ్య ఉత్తరం రాశాడు.

“ఒరేయ్, ఇక్కడ దొరికే చాక్‌పీసులతో విసుగొచ్చిందిరా. కొన్ని పట్టుకుంటేనే విరుగుతాయి. కొన్ని బోర్డు మీద జారిపోతాయి, గీత పడదు. కొన్ని కీచుమంటే పిల్లలు చెవులు మూసుకుంటారు. విజయవాడ వన్‌టౌన్‌లో మంచి సరుకు దొరుకుతుందంటారు కదా, ఏది కొనాలో కనుక్కుని చెప్పు. డస్టర్లు, పలకలు, బలపాలు కూడా చూడు. మేం ఇద్దరం టీచర్లం, పిల్లలు 60 మంది.”

దుకాణం పేరు చెప్పడం పెద్ద పని కాదు. కానీ ఈ నాలుగు మాటల్లో మూడు వేర్వేరు జబ్బులున్నాయి. విరగడం సుద్దముక్క లోపం. జారడం చాలాసార్లు బోర్డు లోపం. కీచుమనడం ఎక్కువగా పట్టుకునే తీరులో ఉంటుంది. ఇవి విడదీయకుండా ఎంత మంచి పెట్టె పంపినా డబ్బు దండగే.

ముందు సుద్ద సంగతి. మన బళ్ళకొచ్చే చాక్‌పీసుల్లో ఎక్కువభాగం సీమసున్నంతో కాదు, జిప్సంతో చేసినవి. జిప్సం రాయిని సుమారు 150 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని నీరు చాలావరకు పోయి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అవుతుంది. ఆ పొడిని నీళ్ళలో కలిపి, నూనె రాసిన లోహపు అచ్చుల్లో పోసి, గట్టిపడ్డాక తీసి ఎండబెడతారు. అచ్చులోంచి సులువుగా ఊడిరావడానికే ముక్క ఒక కొస సన్నంగా ఉంటుంది. చిన్న షెడ్డులో కుటుంబమంతా కలిసి చేయగల పరిశ్రమ ఇది.

తయారీలో జరిగే తప్పులన్నీ తర్వాత పంతులుగారి చేతిలో బయటపడతాయి. నీళ్ళు ఎక్కువైతే ముక్క గుల్లబారి పొడిపొడిగా రాలుతుంది. నీళ్ళు తక్కువైతే రాయిలా గట్టిపడి బోర్డును గీస్తుందే తప్ప తెల్లగా పడదు. సరిగా ఎండకముందే పెట్టెలో సర్దేస్తే మెత్తగా ఉండి విరుగుతుంది. అచ్చుకు నూనె ఎక్కువ రాస్తే ముక్క పైపొర జిడ్డుగా ఉండి మొదట్లో జారుతుంది. పొడి సరిగా జల్లించకపోతే మధ్యలో గరుకు పలుకులు తగిలి బోర్డు మీద గాట్లు పడతాయి.

రెండో రకం కాల్షియం కార్బొనేట్‌తో చేసేది. దుమ్ము రేగని చాక్, అంటే డస్ట్‌లెస్ పేరుతో అమ్మే మంచి సరుకు సాధారణంగా ఇదే. దీని పొడి అసలు రాలదని కాదు. రేణువులు బరువైనవి కావడంతో గాలిలో తేలకుండా బోర్డు కిందికి జారిపడతాయి. ధర ఎక్కువే అయినా రోజంతా బోర్డు ముందు నిలబడేవారికి తేడా తెలుస్తుంది.

అయితే పెట్టె మీద డస్ట్‌లెస్ అని రాసినంత మాత్రాన లోపల అదే ఉంటుందని నమ్మనక్కర్లేదు. ఒక ముక్క విరిచి, విరిగినచోట రెండు చుక్కలు నిమ్మరసం వేయండి. కాల్షియం కార్బొనేట్ అయితే సన్నగా బుడగలు పొంగుతాయి. ఆ బుడగలు బొగ్గుపులుసు వాయువు. జిప్సం అయితే రసాన్ని పీల్చుకుని ఊరుకుంటుంది. ఈ పరీక్ష సుద్ద ఏ రకమో చెబుతుంది కానీ నాణ్యత చెప్పదు. నాణ్యతకు రాసి చూడడమే దారి. ఒక పెట్టెలోంచి నాలుగైదు ముక్కలు తీసి ఒక్కో గీత గీయాలి. అన్నీ ఒకే మందాన పడాలి, గుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోవాలి.

ఇక బోర్డు. మిత్రుడికి నేను మొదట చెప్పిన పని ఇది: బోర్డు మీద జారిపోయే ముక్కనే తీసుకుని గచ్చు మీదో, రాతిపలక మీదో రాసి చూడు. అక్కడ తెల్లగా పడితే తప్పు సుద్దది కాదు. చాలా బళ్ళలో నల్లబల్ల అంటే గోడకు సిమెంటు పూసి రంగేసినదే. ఏళ్ళ తరబడి తుడిచి తుడిచి ఆ రంగు నున్నగా మెరుస్తుంది. లేదా ఎవరో తలుపులకు వేసే నల్ల ఎనామిల్ పెయింటు వేసి ఉంటారు. సుద్ద పడాలంటే దాన్ని అరగదీసే సన్నని గరుకు కావాలి. మెరిసే బోర్డు మీద ఎంత ఖరీదైన సుద్దయినా జారుతుంది.

దీనికి మందు బ్లాక్‌బోర్డు పెయింటు అని విడిగా అడిగి కొనే మెరుపులేని రంగు. పాత బోర్డును గరుకు కాగితంతో రుద్ది, కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, రెండు పూతలు వేయాలి. మొదటి పూత ఆరాకే రెండోది. సెలవుల్లో పెట్టుకుంటే ఆరడానికి తీరిక దొరుకుతుంది. రంగు బాగా ఆరాక వెంటనే అక్షరాలు రాయకూడదు. సుద్దముక్కను అడ్డంగా పడుకోబెట్టి బోర్డంతా రుద్ది, పొడిగుడ్డతో తుడిచేయాలి. రంగులోని సన్నని రంధ్రాలన్నీ సమంగా సుద్దతో నిండుతాయి. ఈ పని మానేస్తే మొదట రాసిన అక్షరాల నీడ బోర్డు మీద చాలాకాలం ఉండిపోతుంది. వెనకటి రోజుల్లో పిల్లలు బొగ్గుపొడి, దొండాకు పసరు కలిపి బోర్డుకు రుద్దేవారు. నలుపు తిరిగి వచ్చేది కానీ ఎక్కువ రోజులు నిలిచేది కాదు.

కీచుమనే సమస్యకు ఖర్చు లేదు. ముక్కను బోర్డుకు నిటారుగా పట్టుకుంటే అది అంటుకుంటూ, జారుతూ వణుకుతుంది. ఆ వణుకే కూత. ఏటవాలుగా పట్టుకుని, పొడుగు ముక్కను సగానికి విరిస్తే చాలావరకు ఆగుతుంది. అయినా కూస్తుంటే ఆ పెట్టెలో గట్టి పలుకులున్నట్టే.

ఎన్ని కొనాలి? విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు. ఇద్దరు టీచర్లు రోజుకు తలా నాలుగు ముక్కలు వాడితే 1,600. అంటే వందేసి ముక్కల పెట్టెలు 16. కానీ ఒకేసారి కొనవద్దన్నాను. జిప్సం సుద్ద తేమ పీలుస్తుంది, వానాకాలంలో కింద పెట్టిన అట్టపెట్టె మెత్తబడుతుంది. ముందు ఒక పెట్టె నమూనా తెచ్చి వారం రోజులు వాడి, నచ్చితే దసరాదాకా సరిపడా తెచ్చుకుని మూతబిగువు డబ్బాలో పెట్టుకోవడం మేలు. మెత్తబడ్డ ముక్కల్ని పళ్ళెంలో పరిచి ఒక పూట ఎండలో పెడితే చాలావరకు కోలుకుంటాయి.

దొరికే చోటు విజయవాడలో వన్‌టౌన్ హోల్‌సేల్ దుకాణాలు, హైదరాబాదులో కోఠీ, బేగంబజార్. రంగు సుద్దలు అడిగినప్పుడు క్రేయాన్లు ఇస్తే తీసుకోకూడదు, వాటి మైనం బోర్డును వదలదు. డస్టరు దళసరి ఫెల్టుది మంచిది, దాన్ని గదిలో కాక ఆరుబయట దులపాలి. తడిగుడ్డతో తుడిచే అలవాటుంటే బోర్డు ఆరేదాకా రాయకూడదు. పలకల కోసం మాత్రం విజయవాడ రానక్కర్లేదని రాశాను. రాతిపలకలకు పేరుపడ్డ ఊరు మార్కాపురమే, అతని పక్కనే ఉంది.

డబ్బుకు సమగ్ర శిక్షా కాంపోజిట్ స్కూల్ గ్రాంటు ఉంది. 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి నిబంధనల ప్రకారం ఏడాదికి 25,000 రూపాయలు. కానీ కరెంటు బిల్లు, చిన్న మరమ్మతులు, పరిశుభ్రత అన్నీ అందులోనే. అందుకే కొనుగోలు వరుస ఇలా చెప్పాను: మొదట బోర్డు పెయింటు, తర్వాత ఒక్క పెట్టె సుద్ద, అది కుదిరాకే మిగతావి. ప్రతిదానికీ బడి పేరుతో బిల్లు తీసుకో. చేతిరాత చీటీ మీద దుకాణం ముద్ర లేకపోతే లెక్కలప్పుడు ఆ ఖర్చు నీ జేబుమీదే పడుతుంది.