రిలీజ్ నోట్స్‌లో ఏం రాయాలి?

యాప్ అప్‌డేట్ చేసేటప్పుడు ‘కొత్తగా ఏముంది’ అని కనిపించే ఆ నాలుగు లైన్లే రిలీజ్ నోట్స్. బస్సు టికెట్ల యాప్ ఒకటి ఉందనుకుందాం. టీమ్ పూర్తిచేసిన పనుల జాబితా ఇదీ: పేమెంట్ టైమవుట్ సవరణ, రీఫండ్ స్టేటస్ స్క్రీన్, పాత టెస్టుల తొలగింపు, లాగిన్ లైబ్రరీ అప్‌గ్రేడ్. ఇదే యథాతథంగా పెడితే ప్రయాణికులకు ఒక్క ముక్కా అర్థం కాదు.

ప్రతి పనినీ ఒకటే అడగాలి: దీనివల్ల వాడేవాళ్లకు ఏం తేడా? టెస్టుల పని అక్కడే ఆగిపోతుంది. టైమవుట్ సవరణ ‘డబ్బు కట్టాక టికెట్ రాని సమస్యను సరిచేశాం’ అవుతుంది.

చిక్కంతా లాగిన్ లైబ్రరీతోనే. పేరు చూస్తే అది లోపలి పనే. కానీ దాంతో అందరూ లాగవుట్ అయి, మళ్లీ ఓటీపీ కొట్టాల్సి వస్తుందనుకోండి. బస్‌స్టాండ్‌లో నిలబడి టికెట్ తెరిచేవాళ్లకు అది పెద్ద విషయం. అందుకే పేరు చూసి ఏ పనినీ కొట్టేయకూడదు, చేసినవాళ్లనే అడగాలి.

‘మళ్లీ లాగిన్ కావాలి’ అన్నది మొదటి లైను. తర్వాత రీఫండ్ ఎక్కడిదాకా వచ్చిందో చూసుకునే సౌకర్యం, చివర్లో సరిచేసిన లోపం. కోడ్ చేరినా ఇంకా ఆన్ చేయని ఫీచర్ల ఊసెత్తకూడదు. గూగుల్ ప్లేలో ఒక్కో భాషకు 500 అక్షరాలే దక్కుతాయి. వాటిని ‘చిన్న చిన్న మార్పులు చేశాం’ అంటూ వృథా చేయకండి.