టైటిల్‌లో పేరు ముందా, కథ ముందా?

రిటైరైన పోస్ట్‌మ్యాన్ ఒకాయనకు అటక మీది పాత సంచిలో, 30 ఏళ్ల కిందట తాను ఇవ్వాల్సిన ఉత్తరం ఒకటి దొరుకుతుంది. దాన్ని ఇచ్చి రావడానికి బయల్దేరతాడు. ఇది 14 నిమిషాల షార్ట్ ఫిల్మ్ అనుకుందాం. దర్శకుడికి ఇదే మొదటిది. యూట్యూబ్‌లో ఎక్కించేటప్పుడు మనవాళ్లు సాధారణంగా పెట్టే టైటిల్ ఇలా ఉంటుంది:

UTTARAM | Latest Telugu Short Film | 4K

కథేమిటో ఇందులో ఎక్కడా లేదు. పేరున్న దర్శకుడైతే సినిమా పేరొక్కటే చాలు, జనం వెతుక్కుంటూ వస్తారు. కొత్తవాడి సినిమా పేరును ఎవరూ వెతకరు. వాళ్లకు అది ఏ వీడియో పక్కనో, వాట్సాప్‌లో వచ్చిన లింకులోనో కనబడాలి, కనబడిన ఆ ఒక్క క్షణంలో ఆపాలి. టైటిల్‌కు 100 అక్షరాల దాకా చోటున్నా ఫోన్‌లో చివరి భాగం తరచూ తెగిపోతుంది. అందుకని కథను ముందుకు తేవాలి:

30 ఏళ్లు ఆలస్యంగా వచ్చిన ఉత్తరం | Uttaram - Telugu Short Film

ఇంగ్లిష్ అక్షరాలు ఎందుకంటే, తెలుగు సినిమాను వెతికేవాళ్లలో చాలామంది టైపు చేసేది ఆ అక్షరాల్లోనే. ‘4K’ చూసి షార్ట్ ఫిల్మ్ నొక్కేవాళ్లు ఉన్నారనుకోను. అది తీసేయొచ్చు.

డిస్క్రిప్షన్‌లో మహా అయితే మొదటి కొన్ని వరుసలే పైకి కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. ‘మా ఛానల్‌ను సబ్‌స్క్రైబ్ చేయండి’ అన్న మాటతో ఆ చోటు నింపేస్తే కథ చెప్పే అవకాశం పోయినట్టే. పోస్ట్‌మ్యాన్ సంగతి అక్కడ రాసి, నటీనటుల పేర్లు, సంగీతం వివరాలు కిందకు దించాలి. పెద్ద హీరోల పేర్లు, ట్యాగుల మూట అక్కడ కుమ్మరించడం మాత్రం యూట్యూబ్ నిబంధనలకే విరుద్ధం, వీడియోనే తీసేయవచ్చు.

ఇక ట్యాగులు. వీటి కోసం రాత్రంతా కూర్చోనక్కర్లేదు. వీడియో జనానికి చేరడంలో వీటి పాత్ర చాలా తక్కువని యూట్యూబే చెబుతోంది. స్పెల్లింగ్ తప్పుగా కొట్టేవాళ్ల విషయంలో మాత్రం పనికొస్తాయట. మనకు అదే కావాలి: Uttaram, Utharam, Vuttaram అని తలా ఒక రకంగా రాస్తాం కదా. ఆ రూపాలన్నీ వేస్తే ట్యాగుల పని అయిపోయింది.

టైటిల్ పనిచేస్తోందో లేదో యూట్యూబ్ స్టూడియోలో తెలుస్తుంది. వీడియో కనబడినవాళ్లలో ఎంతమంది నొక్కారో అక్కడ శాతంగా చూపిస్తారు. సగం ఛానళ్లకు అది 2 నుంచి 10 శాతం మధ్య ఉంటుందని యూట్యూబ్ లెక్క. అయితే వందా రెండొందల మందికి కనబడినప్పుడే ఆ అంకె చూసి కంగారుపడకూడదు, రోజుకో తీరుగా ఊగుతుంది. నొక్కేవాళ్లు బాగానే ఉండి, అరనిమిషంలో వెళ్లిపోతుంటే తంటా వేరు. అప్పుడు వాళ్లు ఏ మాటలు వెతికి వచ్చారో చూడాలి. ‘uttaram movie songs’ లాంటివి కనబడితే, వాళ్లు పాటల కోసం వచ్చి షార్ట్ ఫిల్మ్‌లో దిగారన్నమాట. ‘Short Film’ అన్నది ఇంకాస్త ముందుకు జరిపి, థంబ్‌నెయిల్ జోలికి పోకుండా కొన్నాళ్లు ఆగితే, తేడా వచ్చింది టైటిల్ వల్లనేనా అన్నది తేలుతుంది.