మూడు నెలల షుగర్ పరీక్ష తప్పు చెప్పినప్పుడు

ఆదిలాబాద్ ఏజెన్సీలో ఒక నలభై నాలుగేళ్ల మనిషిని ఊహించుకుందాం. రాత్రి మూడుసార్లు మూత్రానికి లేస్తున్నాడు, విపరీతంగా దాహం వేస్తోంది. పరగడుపున షుగర్ 172 వచ్చింది. రెండు రోజులాగి మళ్లీ చూస్తే 168. తిన్న రెండు గంటలకు 260 దాటింది. కానీ మూడు నెలల షుగర్ పరీక్ష, అదే హెచ్‌బీఏ1సీ, చేయిస్తే 4.6 శాతం అని వచ్చింది. షుగర్ జబ్బు అనడానికి అది 6.5 ఉండాలి. 5.7 కంటే తక్కువైతే అంతా బాగున్నట్టే లెక్క. దాంతో ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు.

ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే పొరపాటు ఎక్కడుందో తెలుస్తుంది. హెచ్‌బీఏ1సీని సగటు షుగర్‌గా మార్చే లెక్క ఒకటి డాక్టర్లందరూ వాడతారు. దాన్ని బట్టి 4.6 అంటే సగటు 85 మాత్రమే. పరగడుపు షుగర్ రోజు మొత్తంలో దాదాపు అన్నిటికంటే తక్కువగా ఉండే అంకె. అదే 170 దగ్గరుంటే సగటు 85 ఎలా అవుతుంది? ఈ రెంటిలో ఒకటి తప్పు. ఈ మనిషికి సికిల్ సెల్ జబ్బు ఉంది కాబట్టి, తప్పు హెచ్‌బీఏ1సీదే.

ఆ పరీక్ష కొలిచేది రక్తంలోని చక్కెరను కాదు, ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటుకుపోయిన చక్కెరను. జాడీలో మామిడి ముక్కకు ఎంత ఉప్పు పట్టిందన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది: ఊటలో ఉప్పెంత, ముక్క ఊరింది ఎన్నాళ్లు. హిమోగ్లోబిన్ సంగతీ అంతే. మామూలు ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది. పరీక్షలోని అంకెలన్నీ ఆ ఆయుష్షును నమ్ముకుని వేసినవే. సికిల్ సెల్ జబ్బులో ఎర్రకణం వంకర తిరిగి, రెండు మూడు వారాలకే పగిలిపోతుంది. చక్కెర ఎంత ఎక్కువున్నా అంటుకోవడానికి వ్యవధి ఉండదు.

దీనికి తోడు ఇంకో తప్పు కూడా కలుస్తుంది. హెచ్‌బీఏ1సీలోని ‘ఏ’ మామూలు హిమోగ్లోబిన్‌కు గుర్తు. తల్లి నుంచి, తండ్రి నుంచి కూడా సికిల్ జన్యువు వచ్చిన మనిషిలో ఆ ‘ఏ’ రకం తయారే కాదు. ఉండేది ‘ఎస్’ రకం, కొంత ‘ఎఫ్’ రకం. లేనిదాన్ని కొలవడం కుదరదు. కొన్ని యంత్రాలు ఆ సంగతి పట్టుకుని, ఫలితం ఇవ్వలేమని చెప్పేస్తాయి. మరికొన్ని ‘ఎస్’ రకాన్నే ‘ఏ’ అనుకుని ఏదో ఒక అంకె అచ్చువేస్తాయి. ప్రమాదం ఈ రెండో రకంతోనే. బోరోనేట్ పద్ధతిలో హిమోగ్లోబిన్ ఏ రకమైనా దానికి అంటిన చక్కెరను కొలవొచ్చు. అయినా అది తీర్చేది గుర్తింపు సమస్యను మాత్రమే. కణం ఆయుష్షు తక్కువన్న సమస్య అలాగే ఉండిపోతుంది. మంచి ల్యాబ్‌లో మళ్లీ చేయిస్తే సరిపోతుందిలే అనుకునేవాళ్లు తరచూ మరిచిపోయేది దీన్నే.

రక్తం ఎక్కించుకుని ఉంటే చిక్కు ఇంకా పెరుగుతుంది. ఎక్కించిన రక్తంలో ‘ఏ’ రకం ఉంటుంది, దానికి అంటిన చక్కెర మాత్రం దాతది. ఆ వారాల్లో హెచ్‌బీఏ1సీ చేయిస్తే ముక్కూ మొహం తెలియని మనిషి షుగర్‌ను కొలిచినట్టే.

ఇలాంటప్పుడు జబ్బును నిర్ధారించడానికి నేరుగా రక్తంలోని షుగరే చూడాలి. పరగడుపున 126 లేదా ఆపైన రెండుసార్లు వస్తే చాలు. మన మనిషికి 172, 168 వచ్చాయి కాబట్టి అక్కడ సందేహం లేదు. అసలు ఇబ్బంది ఆ తర్వాత మొదలవుతుంది. మందులు వేసుకుంటున్నాడు, అవి పనిచేస్తున్నాయో లేదో దేన్ని చూసి చెప్పాలి?

ఫ్రక్టోజమైన్ పరీక్ష అక్కరకొచ్చేది ఇక్కడే. చక్కెర హిమోగ్లోబిన్‌కే కాదు, రక్తంలోని సీరంలో తేలే ప్రోటీన్లకూ అంటుకుంటుంది. ఆ ప్రోటీన్లలో ఎక్కువ భాగం ఆల్బుమిన్. అది ఎర్రకణాల్లో ఉండదు కాబట్టి అవి ఎలా ఉన్నా, ఎప్పుడు పగిలినా దీనికి సంబంధం లేదు. ఆల్బుమిన్‌లో సగం సుమారు మూడు వారాల్లో మారిపోతుంది. అందుకే ఈ పరీక్ష గడిచిన రెండు మూడు వారాల షుగర్‌ను చెబుతుంది. దీనికి పరగడుపున ఉండనక్కర్లేదు. చాలా ల్యాబ్‌లలో మామూలు విలువ లీటరుకు 200 నుంచి 285 మైక్రోమోల్స్.

మన మనిషికి మొదటిసారి 356 వచ్చిందనుకుందాం. దీన్ని హెచ్‌బీఏ1సీ భాషలోకి మార్చే ఉజ్జాయింపు లెక్క ఒకటుంది: 0.017తో గుణించి 1.61 కలపాలి. అలా చేస్తే 7.7 దాకా వస్తుంది. అంటే 4.6 అని చెప్పిన చోట అసలు పరిస్థితి 7.7 దరిదాపుల్లో ఉందన్నమాట. ఈ మార్పిడి అంకెను పట్టుకుని మందు మోతాదు నిర్ణయించకూడదు. మొదటి రిపోర్టు ఎంత దూరం తప్పిందో చూపించడానికైతే ఇది చాలు. మందు మొదలుపెట్టిన నాలుగు వారాలకు మళ్లీ చూస్తే 301. దిగుతోంది. హెచ్‌బీఏ1సీ సవ్యంగా పనిచేసే మనిషిలోనైనా ఇంత త్వరగా ఈ సంగతి తెలియదు.

అయితే ఫ్రక్టోజమైన్‌ను కూడా కళ్లు మూసుకుని నమ్మకూడదు. ఇది మొత్తం ప్రోటీన్ల మీద కొలత కాబట్టి ప్రోటీన్లు తగ్గితే అంకె కూడా తగ్గుతుంది. అందుకే పక్కన ఆల్బుమిన్ పరీక్ష కూడా ఉండాలి. అది డెసీలీటరుకు 3 గ్రాముల కంటే తక్కువైతే ఫ్రక్టోజమైన్‌ను పక్కన పెట్టేయడమే మంచిది. ఇంకొకటి, సికిల్ సెల్ ఉన్నవాళ్ల కళ్లు తరచూ పచ్చగా ఉంటాయి. ఎర్రకణాలు పగిలిపోవడం వల్ల బిలిరుబిన్ పెరుగుతుంది. ఫ్రక్టోజమైన్‌ను రంగు మార్పుతో కొలుస్తారు కాబట్టి బిలిరుబిన్ మరీ ఎక్కువైతే ఆ కొలత చెదిరిపోవచ్చు.

ఈ ఇబ్బందుల్లో కొన్నిటిని గ్లైకేటెడ్ ఆల్బుమిన్ తప్పిస్తుంది. ఇది మొత్తం ఆల్బుమిన్‌లో చక్కెర అంటుకున్న భాగం ఎంతో శాతంలో చెబుతుంది. మామూలుగా అది 11 నుంచి 16 శాతం మధ్య ఉంటుంది. శాతం కాబట్టి ఆల్బుమిన్ కొంచెం తగ్గినా లెక్క పెద్దగా మారదు. జపాన్‌లో దీన్ని విస్తృతంగా వాడతారు. డయాలిసిస్ మీదున్నవాళ్ల ఎర్రకణాల ఆయుష్షు కూడా తగ్గుతుంది కాబట్టి అక్కడి డాక్టర్లు వాళ్లకు హెచ్‌బీఏ1సీ కంటే దీన్నే మెరుగనుకుంటారు.

ఇంతకుముందు చెప్పిన ఊరే కాలం మాత్రం దీన్నీ వదలదు. సికిల్ సెల్ జబ్బు కిడ్నీలను కూడా దెబ్బతీస్తుంది. మూత్రంలో ప్రోటీన్ బాగా పోతుంటే, పాత ఆల్బుమిన్ పోయి కొత్తది వస్తూ ఉంటుంది. కొత్తదానికి చక్కెర అంటుకునే సమయం ఉండదు కాబట్టి శాతం తక్కువగా కనబడుతుంది. లివర్ గట్టిపడినవాళ్లలో ఇది తిరగబడుతుంది, ఆల్బుమిన్ ఎక్కువ కాలం నిలిచి అంకె పెరుగుతుంది. థైరాయిడ్ హెచ్చుతగ్గులు కూడా దీన్ని మారుస్తాయి. అందుకే ఈ పరీక్షలు రాసే డాక్టరు ఒకసారి మూత్రంలో ప్రోటీన్, లివర్, థైరాయిడ్ కూడా చూడటం అవసరం. షుగర్ జబ్బు ఉందని తేల్చడానికి ఈ రెండు పరీక్షలకూ అందరూ ఒప్పుకున్న గీత ఇంకా లేదు. కాబట్టి ఒకే ల్యాబ్‌లో, ఒకే పద్ధతిలో చేయించి, అంకె పెరుగుతోందా తగ్గుతోందా అన్నది గమనించడమే వీటి సరైన వాడకం. ఇంట్లో గ్లూకోమీటరుతో చూసుకున్న రీడింగులు కూడా అటే నడుస్తుంటే నమ్మకం కుదురుతుంది.

తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే సికిల్ జన్యువు వచ్చినవాళ్లు ఇంతకంటే చాలా ఎక్కువమంది. వాళ్లకు జబ్బు ఉండదు, హిమోగ్లోబిన్‌లో సగానికి పైగా ‘ఏ’ రకమే. వీళ్లలో తప్పు చిన్నది. 2017లో అమెరికాలోని ఆఫ్రికన్ అమెరికన్లపై ప్రచురించిన ఒక అధ్యయనంలో, షుగర్ ఒకే స్థాయిలో ఉన్నా ఈ వాహకులకు హెచ్‌బీఏ1సీ 0.3 దాకా తక్కువగా కనబడింది. 6.7 ఉండాల్సిన మనిషికి 6.4 వస్తే షుగర్ జబ్బు గీతకు ఇవతలే ఆగిపోతాడు.

2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమంలో మన రెండు రాష్ట్రాలూ ఉన్నాయి. పరీక్ష చేయించుకున్నవాళ్లకు జబ్బు ఉందా, వాహకులా, ఏదీ లేదా అన్నది రాసిన కార్డు ఇస్తారు. షుగర్ పరీక్షకు వెళ్లేటప్పుడు ఆ కార్డును జేబులో వేసుకుని డాక్టరుకు చూపించాలి. గత మూడు నెలల్లో రక్తం ఎక్కించి ఉంటే ఆ తేదీ కూడా చెప్పాలి.