పెనుగాలి కాదు, పిల్లగాలే

కిందటి మార్చిలో మా కాలేజీ వార్షికోత్సవం. రాత్రి ఏడున్నర. కోలాటం జట్టు వేదిక దిగింది, తర్వాతి జట్టు ఇంకా ఎక్కలేదు. ఇంతలో వెనకనుంచి ఒక గాలి విసురు. లైట్లు బిగించిన అల్యూమినియం ట్రస్ ముందుకు ఒరిగి, ఖాళీ వేదిక మీద దభేలుమని పడింది. ఎవరికీ గోటిగాయమైనా కాలేదు.

మెయిన్ స్విచ్ ఆపించి, పిల్లల్ని దూరంగా పంపాక, కల్చరల్ కమిటీ తరఫున ప్రిన్సిపాల్ గారికి రెండు ముక్కలు రాసిచ్చాను: "పెనుగాలికి లైట్ల ఫ్రేము పడింది. ఎవరికీ ఏమీ కాలేదు." ఆవిడ ఒకప్పుడు ఫిజిక్స్ చెప్పిన మనిషి. "మరి పక్కనున్న షామియానా పడలేదేం మాస్టారూ?" అన్నారు.

ఏదీ కదపకుండా ఉంచి, పొద్దున్నే వెళ్లి చూశాం. షామియానా తాళ్లు నేలలో దిగేసిన మేకులకు బిగించి ఉన్నాయి. ట్రస్‌కు ఒక్క తాడూ లేదు, పాదాల మీద బరువులూ లేవు. పైగా దాని వెనక 20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఫ్లెక్సీ. లైట్లవాళ్లు భోజనానికి వెళ్లినప్పుడు మా విద్యార్థులే కట్టారు.

ఉత్త ట్రస్ అయితే గాలి గొట్టాల సందుల్లోంచి దాటిపోతుంది. ఫ్లెక్సీ కడితే అది తెరచాప. లెక్క ఆవిడే వేశారు. ఫ్రేము, లైట్లు కలిపి సుమారు 250 కిలోలు. స్తంభం మధ్యనుంచి పాదం ముందంచుకు అడుగున్నర. 250ని ఒకటిన్నరతో గుణిస్తే 375. ఇది ఫ్రేమును నిలబెట్టే పట్టు. ఫ్లెక్సీ మీద తోపు నేలకు 10 అడుగుల ఎత్తున పనిచేస్తుంది. అంటే 38 కిలోల తోపు తగిలితే చాలు, పట్టు తప్పుతుంది. అంత వెడల్పు ఫ్లెక్సీ మీద ఆ తోపు రావడానికి గంటకు 21 కిలోమీటర్ల గాలి సరిపోతుంది. దుమ్ము లేపి, చిన్న కొమ్మలను ఊపే గాలి అది. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది.

నా కాగితంలోని "పెనుగాలి" కొట్టేసి మళ్లీ రాశాను. ట్రస్ ఎప్పుడు నిలబెట్టారు, ఫ్లెక్సీ ఎవరు ఎప్పుడు కట్టారు, తాళ్లు, బరువులు ఉన్నాయా, పడిన చోట నిమిషం ముందు ఎందరున్నారు అన్నవి వరసగా పెట్టి ఫొటోలు జతచేశాను. ఆ నాలుగో ప్రశ్నకు జవాబు రాస్తుంటే చెయ్యి వణికింది. పన్నెండు మంది.

2011 ఆగస్టు 13న అమెరికాలోని ఇండియానా స్టేట్ ఫెయిర్‌లో గాలికి వేదిక పైకప్పు జనం మీద కూలి ఏడుగురు చనిపోయారు. మాకు దక్కింది పాటకూ పాటకూ మధ్య ఒక్క నిమిషం.

ఈ ఏడాది లైట్ల ఒప్పందంలో మొదటి షరతు: ట్రస్‌కు నాలుగువైపులా తాళ్లు లాగి కట్టాలి, ఫ్లెక్సీకి వేరే ఫ్రేము ఉండాలి.