ముందు పాలకూర, వెనక ఆపిల్

పసిపిల్లల పండ్ల గుజ్జు పౌచ్ చేతిలోకి తీసుకోగానే కంటికి ఆనేది దాని మీది బొమ్మ. నవనవలాడే పాలకూర కట్ట, పక్కనే క్యారెట్, వాటి వెనక సగం దాగిన ఆపిల్. పేరూ అదే వరుసలో ఉంటుంది: పాలకూర, క్యారెట్, ఆపిల్. ఆకుకూర ముట్టని పిల్లాడు ఇదైతే చప్పరించేస్తున్నాడని ఇంట్లో అందరికీ ఊరట. పాలకూర అంత ఇష్టంగా ఎందుకు తింటున్నాడో తెలియాలంటే మాత్రం పౌచ్‌ను తిప్పి, వెనక సన్నటి అక్షరాల్లో ఉన్న పదార్థాల జాబితా చదవాలి.

ఈ తరహా పౌచ్‌లు దుకాణాల్లో చాలా ఉన్నాయి. లెక్క తెలియడానికి వంద గ్రాముల పౌచ్‌ ఒకటి ఊహించుకుందాం. వెనక ఇలా రాసి ఉందనుకోండి: ఆపిల్ ప్యూరీ 72 శాతం, క్యారెట్ ప్యూరీ 16 శాతం, పాలకూర 7 శాతం, బియ్యప్పిండి, నిమ్మరసం, విటమిన్ సి. జాబితాలో పదార్థాలను బరువును బట్టి, ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది నియమం. మన దేశంలోనూ అంతే, అమెరికాలోనూ ఐరోపాలోనూ అంతే. ముందువైపు పేరుకు ఆ వరుస నియమం లేదు. అందుకే ముందు మొదట ఉన్న పాలకూర వెనక మూడో స్థానానికి వెళ్లింది. వందలో ఏడు గ్రాములంటే చిన్న చెంచాతో ఒకటిన్నర చెంచా. బిడ్డ తింటున్నది ఆపిల్ గుజ్జు. పాలకూర దానికి రంగునిచ్చింది.

వరుసతో పాటు బ్రాకెట్లలోని శాతాలను చూడటం తప్పనిసరి. వరుస ఒక్కటే చూస్తే ఆపిల్‌కూ క్యారెట్‌కూ మధ్య ఎంత దూరముందో తెలియదు. రెండూ దగ్గరదగ్గరగా ఉండొచ్చు, ఒకటి మరొకదానికి నాలుగైదు రెట్లూ ఉండొచ్చు. బొమ్మ వేసి, పేరులో పెట్టి ఒక పదార్థాన్ని గొప్పగా చూపినప్పుడు అది ఎంత శాతం ఉందో చెప్పాలని మన లేబులింగ్ నిబంధనలు అంటున్నాయి. ముందువైపు కూర బొమ్మ ఉండి, వెనక దాని శాతం కనిపించకపోతే ఆ పౌచ్‌ను అక్కడే వదిలేయడం మేలని నా అభిప్రాయం.

ఇక చక్కెర సంగతి. పోషకాల పట్టికలో రెండు వరుసలుంటాయి: టోటల్ షుగర్స్, యాడెడ్ షుగర్స్. మొదటిది మొత్తం చక్కెర, రెండోది విడిగా కలిపిన చక్కెర. పై పౌచ్‌లో రెండో వరుస సున్నా, మొదటిది ఎనిమిదిన్నర గ్రాములకు దగ్గరగా ఉంటుంది. ఈ అంకె సరైనదో కాదో మనమే సరిచూసుకోవచ్చు. ఆపిల్‌లో వంద గ్రాములకు సుమారు పది గ్రాముల చక్కెర సహజంగానే ఉంటుంది. క్యారెట్‌లో అయిదు, పాలకూరలో లేనట్టే. 72 గ్రాముల ఆపిల్ నుంచి ఏడున్నర, 16 గ్రాముల క్యారెట్ నుంచి ముప్పావు గ్రాము, మొత్తం ఎనిమిది పైచిలుకు. పట్టికతో లెక్క సరిపోయింది కాబట్టి ఇందులో బయటి తీపి ఏదీ పడలేదని నమ్మొచ్చు.

ఇదే లెక్క మరో పౌచ్ మీద వేస్తే కథ మారుతుంది. ఇది మామిడి పౌచ్. ముందు పెద్ద అక్షరాలతో ‘చక్కెర కలపలేదు’ అని ఉంది. వెనక మామిడి గుజ్జు 45 శాతం, నీరు, ఆపిల్ జ్యూస్ కాన్‌సెంట్రేట్, స్టార్చ్. వంద గ్రాములకు మొత్తం చక్కెర 15 గ్రాములు. పండిన మామిడిలో నూటికి సుమారు పద్నాలుగు గ్రాముల చక్కెర ఉంటుంది. అంటే 45 గ్రాముల గుజ్జు నుంచి రావాల్సింది ఆరు గ్రాముల పైన కొంచెమే. మిగతా ఎనిమిదిన్నర ఎక్కడి నుంచి వచ్చినట్టు? నీటికి తీపి లేదు, స్టార్చ్‌కూ లేదు. మిగిలింది కాన్‌సెంట్రేట్. ఆపిల్ రసంలోని నీటిని ఆవిరి చేసి పాకంలా చిక్కబరిస్తే వచ్చేది అదే. అందులో సాధారణంగా నూటికి డెబ్బై పాళ్ల దాకా చక్కెరే ఉంటుంది. పన్నెండు గ్రాములు పోస్తే ఎనిమిదిన్నర గ్రాముల చక్కెర పడినట్టే. పండు నుంచే తీశారు కదా అనిపించవచ్చు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ పండ్ల రసాన్నీ కాన్‌సెంట్రేట్‌నూ పంచదార, తేనెలున్న జాబితాలోనే చేర్చింది. చక్కెర బదులు కాన్‌సెంట్రేట్ పోసి ‘చక్కెర కలపలేదు’ అని రాయడం తగదని ఆహార ప్రమాణాల అంతర్జాతీయ సంస్థ కోడెక్స్ కూడా చెబుతోంది.

పండు శాతాన్ని ఆ పండులో సహజంగా ఉండే చక్కెరతో గుణించి పట్టికలోని అంకెతో పోల్చడం, ఇంతే ఈ పరీక్ష. అరటిలో పన్నెండు గ్రాములు, ఆపిల్‌లో పది, మామిడిలో పద్నాలుగు గుర్తుంటే చాలావరకు గడిచిపోతుంది. పండు రకాన్నీ పక్వాన్నీ బట్టి ఒకటి రెండు గ్రాముల తేడా సహజం, దానికి కంగారు పడక్కర్లేదు. తేడా నాలుగైదు గ్రాములు దాటితే మాత్రం జాబితాలో తీపి ఏ పేరుతో ఉందో వెతకాలి. డెక్స్‌ట్రోజ్, ఫ్రక్టోజ్, గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, ఖర్జూరం సిరప్, బెల్లం అన్నీ ఆ కోవలోవే. ఒకే తీపిని మూడు పేర్లుగా విడగొట్టి రాస్తే ఒక్కొక్కటీ తేలికై జాబితాలో కిందికి జారిపోతుంది. మూడింటినీ కలిపితే పైకి రావాల్సిన సరుకది. తేనె అయితే చక్కెర లెక్కతో పని లేకుండానే వద్దు. ఏడాది లోపు పిల్లల పేగుల్లో బాట్యులిజం బ్యాక్టీరియా బీజాలు మొలకెత్తి విషం తయారు చేసే ప్రమాదం ఉంది.

మాల్టోడెక్స్‌ట్రిన్ సంగతి వేరు. పిండి పదార్థాన్ని చిన్న ముక్కలుగా విరగ్గొట్టి దీన్ని తయారు చేస్తారు. చట్టం లెక్కలో అది చక్కెర కాదు కాబట్టి టోటల్ షుగర్స్ వరుసలో కనిపించదు. ఒంట్లోకి వెళ్లాక త్వరగానే గ్లూకోజ్‌గా మారిపోతుంది. పై పరీక్షకు ఇది దొరకదు, జాబితా చదివితేనే తెలుస్తుంది.

అమ్మపాలలోనూ వంద మిల్లీలీటర్లకు ఏడు గ్రాముల చక్కెర ఉంటుంది కదా, ఆపిల్ గుజ్జులో ఎనిమిది ఉంటే ఏమిటని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. సరైన ప్రశ్నే. పాలలో ఉండేది లాక్టోజ్, దాని తీపి పంచదార తీపిలో చిన్న వంతు. పండు చక్కెరతో ఇబ్బంది అంతా అది ఏ రూపంలో అందుతోందన్న దగ్గరే. ఆపిల్ ముక్క కొరికినప్పుడు చక్కెర పండు కణాల గోడల మధ్య ఉంటుంది, నమిలేకొద్దీ మెల్లగా బయటికి వస్తుంది. మెత్తగా రుబ్బేస్తే ఆ గోడలు చితికి చక్కెర ముందే బయట పడుతుంది. అందుకే బ్రిటన్ ఆరోగ్య శాఖ రుబ్బిన పండు గుజ్జులోని చక్కెరను కూడా విడిగా కలిపిన చక్కెరతో సమానంగా లెక్కిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం అంత దూరం వెళ్లలేదు. నిపుణుల మధ్యే తేడా ఉన్న విషయమిది. కాబట్టి పండు గుజ్జును విషంలా చూడొద్దు, యాడెడ్ షుగర్స్ సున్నా అని ఉందని రోజుకు మూడు పౌచ్‌లూ పట్టొద్దు.

తాగించే పద్ధతి వల్ల కూడా తేడా వస్తుంది. మూతి నోట్లో పెట్టి పీలిస్తే తీపి గుజ్జు కొత్తగా వస్తున్న ముందు పళ్ల చుట్టూ నిలుస్తుంది, నాలుకకు ముద్దను తిప్పే పనే ఉండదు. గిన్నెలోకి పిండి చెంచాతో పెట్టమని బ్రిటన్ వైద్య సేవల సంస్థ చెబుతోంది. గిన్నెలో పోస్తే మరో లాభముంది. అందులో అంతే పెరుగో, మెత్తగా ఉడికిన పప్పో కలిపితే తీపి సగానికి తగ్గుతుంది, పండు గుజ్జులో లేని మాంసకృత్తులూ చేరతాయి.

ఇక వయసు. మన దేశంలో పసిపిల్లల ఆహారానికి 1992 నాటి చట్టం ఒకటి ఉంది, 2003లో దాన్ని మరింత బిగించారు. ఆరు నెలల లోపు బిడ్డకు తగినదన్నట్టు ఏ ఆహారాన్నీ అమ్మకూడదు. రెండేళ్ల లోపు పిల్లల ఆహారానికి ప్రకటనలు కూడదు, డబ్బా మీద పసిబిడ్డ బొమ్మా తల్లి బొమ్మా కూడదు. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిన అమ్మమ్మలకు అక్కడి పౌచ్ మీద ‘4 నెలల నుంచి’ అని కనబడితే ఆశ్చర్యమే. బ్రిటన్‌లో అలా రాయడానికి చట్టం ఒప్పుకుంటుంది, కానీ అదే దేశపు వైద్య సలహా సుమారు ఆరు నెలలకు మొదలుపెట్టమంటుంది. ఆ అంకె అమ్మడానికి దొరికిన అనుమతి మాత్రమే. బిడ్డ మెడ నిలిపి, ఆసరాతో కూర్చుని, నోట్లో పెట్టిన ముద్దను నాలుకతో బయటికి నెట్టకుండా మింగగలగాలి. మనవాళ్లు ఆరో నెలలో అన్నప్రాశన పెట్టే ఆనవాయితీ ఈ సలహాకు దగ్గరగానే ఉంది.

స్టేజ్ 1, స్టేజ్ 2, స్టేజ్ 3 అన్నవి కంపెనీలు పెట్టుకున్న పేర్లు, అందరికీ ఒకే కొలత లేదు. ఒక కంపెనీ స్టేజ్ 2 మరో కంపెనీ స్టేజ్ 1 అంత పలుచగా ఉండొచ్చు. దాన్ని తేల్చడానికి గుజ్జును పళ్లెంలో చెంచాడు పోసి చూడండి. పారిపోతే అది మొదటి వారాల తిండి, స్టేజ్ ఎంత రాసినా. ముద్దలా నిలిచి, వేలితో నొక్కితే మెత్తటి పలుకులు తగిలితే ఏడెనిమిది నెలల బిడ్డకు తగినది. ఈ పలుకులు చిన్న విషయం కాదు. బ్రిటన్‌లోని బ్రిస్టల్ పరిసరాల్లో 1990ల ఆరంభంలో పుట్టిన వేలాది పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం ఒకటుంది. తొమ్మిది నెలలు దాటేదాకా పలుకులున్న తిండి ఎరుగని పిల్లలు ఏడేళ్ల వయసులో కూరలూ పండ్లూ తక్కువగా తిన్నారని, వారికి తిండి పెట్టడం ఎక్కువ కష్టమైందని అందులో తేలింది. ఇది అన్ని ఇళ్లకూ వర్తించే శాసనం కాదు. అయినా పది నెలల బిడ్డ ఇంకా నున్నటి పౌచ్ మీదే ఉంటే, ‘10 నెలల నుంచి’ అని దాని మీద ఉన్నా, నేను మాత్రం పక్కన పెట్టమంటాను. ఆ వయసుకు మెదిపిన పప్పన్నం, వేళ్లతో చిదిపిన ఇడ్లీ, చేత్తో పట్టుకునే ఉడికిన క్యారెట్ ముక్క సరైనవి. ప్రయాణంలో, రైల్లో, ఆస్పత్రి వరండాలో పౌచ్ పనికొస్తుంది. అప్పుడు పండు శాతం, చక్కెర లెక్క చూసి కొన్నది ఒకటి సంచిలో ఉంటే సరిపోతుంది.