అరవయ్యొక్క రోజులు ఒడ్డున

ఏప్రిల్ 14 అర్ధరాత్రితో మా ఒడ్డున ఇంజన్ పడవల చప్పుడు ఆగిపోతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం. చిన్న ఫైబర్ పడవకు ఏడాదికోసారి జరిగే బాగు అంతా ఈ రెండు నెలల్లోనే. చాలామంది ముందు నెల రోజులు పడవ ముఖం చూడరు. జూన్ మొదటి వారంలో అందరూ ఒకేసారి మెకానిక్ చుట్టూ చేరతారు. అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది. ఉప్పు నీటిలో తిరిగే పడవ పనిలో ఉన్నప్పటి కంటే ఊరికే పడి ఉన్నప్పుడే ఎక్కువ పాడవుతుంది. అందుకే మా అన్నయ్య పడవ ఒడ్డెక్కిన పూటే ఇంజన్ పని మొదలుపెడతాడు, ఫైబర్ పని మాత్రం మే నెల దాకా ముట్టుకోడు. ఆ వరుసకు కారణాలున్నాయి.

ఇంజన్ ఆగలేదు, ఎందుకంటే దానిలో ఉప్పు ఉంది. పడవ వెనక తగిలించే పెట్రోలు ఇంజన్ సముద్రపు నీటినే లోపలికి పీల్చుకుని చల్లబడుతుంది. ఇంజన్ ఆపాక ఆ నీళ్లు కారిపోతాయి గానీ సన్నటి దారుల్లో తడి మిగిలి, ఆరి, ఉప్పు గడ్డ కడుతుంది. పైన నాలుగు బకెట్ల నీళ్లు పోస్తే అది కరగదు. అన్నయ్య 200 లీటర్ల డ్రమ్ము నిండా బావి నీళ్లు పోసి, ఇంజన్ కింది భాగాన్ని అందులో ముంచి, నీళ్లు పీల్చే రంధ్రాలు పూర్తిగా మునిగాయని చూసుకుని, గేరు వేయకుండా పావుగంట నడుపుతాడు. పావుగంట ఎందుకంటే, ఇంజన్ వేడెక్కితే తప్ప లోపలి థర్మోస్టాట్ తెరుచుకోదు. అది తెరుచుకోకపోతే మంచినీళ్లు పైదారి పట్టి పోతాయి, అసలు కడగాల్సిన చోటికి చేరవు. రెండు నిమిషాలు నడిపి కడిగాం అనుకునేవాళ్ల ఇంజన్లు రెండు మూడేళ్లకే వేడెక్కి ఆగిపోవడం ఈ ఒడ్డున చాలా చూశాను.

తర్వాత పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సముద్రపు గాలిలో రెండు నెలలు సగం ఖాళీ ట్యాంకులో ఉంటే ఆ తేమ ఎక్కువై, నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరవచ్చు. ఇంజన్ పీల్చే గొట్టం ఉండేదీ అడుగునే. కాబట్టి ట్యాంకు ఖాళీ చేసి ఆ పెట్రోలు మోటారు సైకిలులో పోసుకోవడమే మంచిది. అయితే మాది ఫోర్ స్ట్రోక్ ఇంజన్ కాబట్టి అది కుదురుతుంది, ఆయిల్ కలిపిన పెట్రోలుతో ఆ పని చేయకూడదు. ఇంజన్ డ్రమ్ములో నడుస్తుండగానే పెట్రోలు గొట్టం పీకేస్తే కార్బురేటర్‌లో మిగిలింది చాలావరకు ఖర్చవుతుంది. కార్బురేటర్ అడుగున మరకు ఉంటుంది, అది వదులు చేసి ఆ కాస్తా దించేయాలి. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ వేసి, చేత్తో తాడు లాగి నాలుగు చుట్లు తిప్పితే లోపలి గోడలకు తుప్పు పట్టదు. వాడేసిన ఇంజన్ ఆయిల్‌లో ఆమ్లాలుంటాయి, అందుకే కొత్తది జూన్‌లో కాదు, ఇప్పుడే పోయాలి.

ఇక గేర్ ఆయిల్. ఈ ఏడాది మాకు దీని దగ్గరే పని పడింది. ప్రొపెల్లర్ ఉండే కింది భాగంలో గేర్లుంటాయి. వాటికి పట్టే ఆయిల్ అర లీటరు కూడా ఉండదు. అడుగు మరతోపాటు పై మర కూడా విప్పాలి, లేకపోతే గాలి ఆడక ఆయిల్ దిగదు. అన్నయ్య గాజు సీసా పట్టాడు. నల్లగానో తేనె రంగులోనో రావాల్సిన ఆయిల్ పాలు కలిపిన కాఫీలా వచ్చింది.

“నీళ్లు దిగాయిరా తమ్ముడూ. ప్రొపెల్లర్ విప్పు,” అన్నాడు.

విప్పి చూస్తే షాఫ్టు చుట్టూ నైలాన్ వల దారం పురి ఎక్కినట్టు బిగుసుకుని ఉంది. తిరిగినకొద్దీ అది లోపలికి జరిగి రబ్బరు సీలును కోసేసింది. కొత్త సీలు ఖరీదు కొద్దిపాటిదే. దాన్ని అప్పుడు చూడకపోయి ఉంటే రెండు నెలల్లో నీళ్లు ఆయిల్ కిందికి చేరి, బేరింగులూ గేర్ల పళ్లూ తుప్పు పట్టి, జూన్‌లో కింది భాగం మొత్తం మార్చాల్సి వచ్చేది. సీలు మార్చాక మెకానిక్ లోపలికి గాలి కొట్టి, ఆ ఒత్తిడి నిలుస్తుందో లేదో చూశాడు. కొత్త ఆయిల్ అడుగు రంధ్రం నుంచే, పై రంధ్రంలోంచి పొంగేదాకా ఎక్కించాలి. పై నుంచి పోస్తే మధ్యలో గాలి చిక్కుకుంటుంది. మరల కింది వాషర్లు పాతవి మళ్లీ వాడకూడదు.

నీళ్లు తోడే పంపులోని రబ్బరు చక్రాన్ని కూడా అప్పుడే చూశాం. దాని రెక్కలు ఒకవైపు వంగి అలాగే ఉండిపోతే, అంచులు పగిలితే, మార్చేయాలి. నీళ్లలో ముంచకుండా ఒక్కసారి చప్పుడు చూద్దామని ఇంజన్ ఆడించడం ఈ రబ్బరుకు చావు. ఒరుసుకోవడానికి తడి లేక నిమిషంలోపే కాలిపోతుంది. ఇంజన్ ఇంటి చూరు కింద, నిటారుగా చెక్కకు బిగించి ఉంచాం. పడుకోబెడితే మిగిలిన నీళ్లు సిలిండర్ వైపు పారే ప్రమాదం ఉంది.

పడవను అడ్డంగా ఇసుక మీద వదిలేయడం మా దగ్గర మామూలే. నాకది ఎప్పుడూ నచ్చదు. ఏప్రిల్, మే నెలలు గాలివానల కాలం. 2010 మే 20న లైలా బాపట్ల దగ్గర తీరం దాటింది. 2022 మే 11న అసని మచిలీపట్నం, నరసాపురం మధ్యకు వచ్చింది. తుఫాను రాకపోయినా సరే, లెక్క చూడండి. మా పడవ పై వైశాల్యం సుమారు పది చదరపు మీటర్లు. పది సెంటీమీటర్ల వాన కురిస్తే లోపల పడేది వెయ్యి లీటర్లు, అంటే టన్ను. ఆ బరువు కింద ఎక్కడో రాయి ఉంటే ఫైబర్ అక్కడే పగులుతుంది. అందుకే అడుగు బిరడా తీసేసి జేబులో వేసుకుని, ముక్కు ఎత్తుగా వెనక పల్లంగా ఉంచుతాం. ఇసుక బస్తాలూ పాత టైర్లూ పడవ లోపలి అడ్డగోడల కిందికే రావాలి. గోడల మధ్య పలచటి చోట పెడితే అక్కడ ఫైబర్ లోపలికి నొక్కుకుంటుంది. పైన తాటాకు కప్పి గాలి ఆడనివ్వాలి. అలల గీత దాటి సరుగుడు తోట వెనక్కి లాగి, ఇసుకలో లోతుగా పాతిన దుంగలకు రెండు వైపులా కడతాం.

ఈసారి లాగేటప్పుడే అనుమానం వచ్చింది. నిరుడు పదిమందితో కదిలిన పడవకు పద్నాలుగు మంది కావాల్సి వచ్చింది. పడవ నిండినా మునిగిపోకుండా ముక్కు దగ్గరా వెనకా ఫోమ్ నింపిన గదులుంటాయి. ఆ ఫోమ్ నీళ్లు తాగితే పడవ బరువెక్కుతుంది, మునగకుండా కాపాడాల్సిన బలం తగ్గుతుంది. పైకి ఏమీ కనబడదు. అన్నయ్య స్క్రూడ్రైవర్ పిడితో గోడంతా తడుతూ వెళ్లాడు. గట్టి ఫైబర్ టక్ అంటుంది. పొరలు విడిపోయిన చోట, లోపల నీరు చేరిన చోట చప్పుడు మందంగా వస్తుంది. ముక్కు గది అడుగున చిన్న రంధ్రం వేస్తే నీళ్లు రెండు రోజులు కారాయి. పగులు అడుగున ఉంటుందనే అందరం వెతుకుతాం. ఇక్కడ నీళ్లు దిగింది పై నుంచి, లంగరు తాడు కట్టే కొక్కెం బోల్టు చుట్టూ వచ్చిన వెంట్రుకవాసి చీలిక నుంచి. తడిసిన ఫోమ్ ఎండకు ఆరదు. పై పలక కోసి, తడిసినంత మేరా పెకలించి, కొత్తది నింపాల్సిందే.

ఫైబర్ పనికి మే దాకా ఆగేది అందుకే. తడి మీద వేసిన అతుకు పట్టదు. ముందు మంచినీళ్లతో కడిగి, గుల్లలు గోకి, రెండు మూడు వారాలు ఎండనిస్తాం. నున్నటి పై పూత కింద బుడగలుంటే ఒకటి గుచ్చి చూడాలి. పుల్లటి వాసన వచ్చే నీరు కారితే తేమ పొరల్లోకి వెళ్లిందని గుర్తు. మా పడవకు అడుగు గట్టు ఇసుకకు అరిగి, ఒక చోట గాజు పోగులు బయటపడ్డాయి. అక్కడి మందం నాలుగు మిల్లీమీటర్లు. పైన అతుకు అంటిస్తే నిలవదు, చుట్టూ అయిదు సెంటీమీటర్ల దాకా గ్రైండర్‌తో వాలుగా చెక్కాలి. మందానికి పన్నెండు రెట్ల వాలు ఉంటేనే కొత్త పొర పాతదాన్ని పట్టుకుంటుంది. ముక్కుకు మాస్కు లేకుండా ఆ పొడిలో నిలబడకండి.

రెసిన్‌కు హార్డెనర్ కిలోకు 10 నుంచి 20 మిల్లీలీటర్లు కలుపుతారు. మే ఎండకు తక్కువ పాలే చాలు, అదీ తెల్లవారుజామున, ఒక్కోసారి అరకిలో మాత్రమే కలుపుకుని. మధ్యాహ్నం కలిపితే డబ్బాలోనే పొగలు కక్కి గడ్డకడుతుంది. ఒక మాట గట్టిగా చెప్పాలి. కోబాల్ట్ ద్రావణాన్నీ హార్డెనర్‌నూ నేరుగా ఒకదానిలో ఒకటి ఎప్పుడూ పోయకూడదు, పేలుతుంది. కోబాల్ట్ ముందు రెసిన్‌లో బాగా కలియబెట్టి, ఆ తర్వాతే హార్డెనర్ వేయాలి. మ్యాట్ పొరలు వేసేటప్పుడు రోలరుతో గాలి బుడగలు తోసేయాలి. ఎండాక తెల్లగా మచ్చలు కనిపిస్తే అక్కడ రెసిన్ సరిగా తడవలేదన్నమాట.

ఇంజన్ ఉంది కదా అని తెరచాపను చాలామంది ఇంటి దగ్గరే వదిలేస్తున్నారు. ఒడ్డుకు పది మైళ్ల దూరంలో ఇంజన్ ఆగితే మమ్మల్ని ఇంటికి తెచ్చేది అదే. గుడ్డ కంటే ముందు కుట్లు పోతాయి, ఎండ దారాన్ని తినేస్తుంది. గోటితో కుట్టును గీకితే దారం తెగిందంటే ఆ వరుసంతా మళ్లీ కుట్టాలి. తాళ్లను పైనుంచి చూస్తే లాభం లేదు. పురి విప్పి లోపల చూడాలి. లోపలి పోగులు పొడిపొడిగా రాలితే తీసేయాలి, బాగుంటే తాడును తిరగేసి కడితే ఒరుసుకునే చోటు మారుతుంది. కొయ్య కాలు దిగే గుంట దగ్గర సూది గుచ్చి చూస్తాం. తడి నిలిచేది అక్కడే కాబట్టి పుచ్చు అక్కడే మొదలవుతుంది. తెరచాపను మంచినీళ్లలో తడిపి, నీడలో ఆరబెట్టి, ఎలుకలకు అందకుండా దూలానికి కడతాం.

జూన్ 14 సాయంత్రం మొదట బిరడా పెట్టామో లేదో చూసుకుంటాం. పడవను మోకాలి లోతు నీటిలో అరగంట ఉంచి, అతుకు వేసిన చోట లోపలివైపు పొడి గుడ్డతో తుడిచి, తడి వస్తుందేమో చూస్తాం. అప్పుడు కొత్త పెట్రోలు పోసి ఇంజన్ తగిలిస్తాం. అన్నయ్య తాడు లాగుతాడు, నేను వెనక నిలబడతాను. ఇంజన్ పక్కనున్న సన్నటి రంధ్రంలోంచి నీటిధార పడాలి. ధార రాకపోతే వెంటనే ఆపేయమని చేయి ఊపాలి. ధార వస్తే దాని కింద చేయి పెట్టి ఉంచుతాను, మొదట చల్లగా తగిలి, కాసేపటికి గోరువెచ్చగా మారేదాకా.