వ్రతం శుక్రవారం, పోస్టు ఏ రోజు?

మంగళగిరిలో ఒక చిన్న చేనేత చీరల దుకాణం అనుకుందాం. యజమాని, ఆయన భార్య, కౌంటర్లో ఒక కుర్రాడు. వీళ్లకు తోడుగా, డిగ్రీ చివరి ఏడాది చదువుతున్న ఒకమ్మాయి మార్కెటింగ్ ఇంటర్న్‌గా వచ్చింది. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ పేజీల పాస్‌వర్డులు, వాట్సాప్ బిజినెస్ వేసిన పాత ఫోను ఆమె చేతిలో పెట్టారు. యజమాని చెప్పిన పని ఒక్క ముక్క: "రోజూ ఏదో ఒకటి పెడుతుండమ్మా."

ఆ 'ఏదో ఒకటి'తోనే చిక్కు మొదలవుతుంది. సోమవారం సుప్రభాతం బొమ్మ, మంగళవారం ఒక చీర, బుధవారం ఎవరిదో పుట్టినరోజు, గురువారం ఏమీ తోచక మళ్లీ అదే చీర. వారం క్యాలెండర్ అవసరం ఇక్కడే తెలుస్తుంది. అదొక మామూలు గూగుల్ షీట్. వరుసకొక పోస్టు. తేదీ, ఎక్కడ పెట్టాలి, ఏ చీర, ఫొటో అయిందా, క్యాప్షన్, ఎవరు సరేనన్నారు, సరుకు ఉందా అన్నవి నిలువు గళ్లు. వారానికి ఏడు పోస్టులు అక్కర్లేదు, నాలుగైదు చాలు. చిన్న దుకాణంలో ఫొటోలు తీసేది, కస్టమర్లకు జవాబిచ్చేది కూడా ఆమే కదా.

క్యాలెండర్‌ను తొలి తేదీ నుంచి నింపుకుంటూ పోతే దెబ్బతింటారు. పండగ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి. 2025 శ్రావణాన్నే చూడండి. ఆగస్టు 7 గురువారం జాతీయ చేనేత దినోత్సవం. ఆ మర్నాడు, ఆగస్టు 8న వరలక్ష్మీ వ్రతం. చేనేత దుకాణానికి ఇంతకంటే మంచి వారం దొరకదని, కొత్త ఇంటర్న్ అయితే చీరల పోస్టులన్నీ 4 నుంచి 7 దాకా పేర్చేస్తుంది.

"ఏడో తారీకున చీర చూసి ఎనిమిదిన ఎలా కట్టుకుంటారమ్మా? బ్లౌజు ఎవరు కుడతారు?" అని యజమాని భార్య అడిగితే తప్ప అసలు లెక్క తేలదు. వ్రతానికి ముందురోజుకల్లా బ్లౌజు చేతికి రావాలి. శ్రావణంలో దర్జీకి కనీసం నాలుగు రోజులు పడుతుందనుకుంటే చీర ఆదివారం, ఆగస్టు 3కి ఇల్లు చేరాలి. హైదరాబాద్‌కు కొరియర్ మూడు రోజులనుకుంటే జులై 31న కట్ట కదలాలి. అంటే ఆర్డర్లకు చివరి రోజు జులై 30 బుధవారం. శ్రావణం మొదలైంది జులై 25న. వ్రతం చీరలు అమ్మే పోస్టులకు ఉన్నవి ఆ ఆరు రోజులే. ఆగస్టు 4తో మొదలయ్యే వారం దుకాణానికే వచ్చి కొనే గుంటూరు, విజయవాడ వాళ్ల కోసం. చేనేత దినోత్సవం నాడు మగ్గం వీడియో కోసం.

మగ్గం వీడియోకు సినిమా పాట పెట్టాలని సరదా పుడుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో బిజినెస్ ఖాతాలకు ఆ పాటల్లో చాలావాటిని వాడుకునే వీలుండదు. వాణిజ్య హక్కులు వేరు. గుంట మగ్గం చప్పుడే అలా వదిలేస్తే పోయేదేమీ లేదు, నిజానికి అదే బాగుంటుంది కూడా.

ఇక క్యాప్షన్. ఇంటర్న్‌లు రాసే తొలి చిత్తు దాదాపు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది: "సంప్రదాయానికి సొగసు జోడించిన అద్భుతమైన మంగళగిరి చీర! మీ అందాన్ని రెట్టింపు చేసే కలెక్షన్. ధర కోసం మెసేజ్ చేయండి." ఇందులో తప్పు మాట లేదు, పనికొచ్చే మాటా లేదు. ఈ క్యాప్షన్‌ను ఊళ్లో ఏ దుకాణం ఏ చీర కిందైనా పెట్టుకోవచ్చు. కొనే మనిషి అడిగేవి వేరు. రంగు ఏది, అంచు ఎంత, బ్లౌజు ముక్క ఉందా, ఎంత, ఇంకా ఉందా? అవి తెలుసుకోవాలంటే ఇంటర్న్ చీర విప్పి, టేపు పట్టి, యజమానిని అడిగి రాసుకోవాలి. అప్పుడు రెండో చిత్తు ఇలా వస్తుంది:

"చిలకపచ్చ మంగళగిరి నూలు చీర, మెరూన్ నిజాం అంచు. రూ.1,850. ఒక్కటే ఉంది. 80 కౌంట్ నూలు, చీర ఐదున్నర మీటర్లు, బ్లౌజు ముక్క 80 సెంటీమీటర్లు. ఫొటో పగటి వెలుతురులో తీసింది. ట్యూబులైటు కింద రంగు కాస్త ముదురుగా ఉంటుంది. వ్రతానికి కావాలంటే బుధవారం లోపు ఆర్డరివ్వండి. వాట్సాప్‌లో 'ఎం-14' అని పంపితే చాలు."

వరుస కూడా ఊరికే కుదిరింది కాదు. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లో 2,200 అక్షరాల దాకా రాయొచ్చు గానీ, స్క్రోల్ చేసేవారికి మొదటి ఒకటి రెండు లైన్లే కనబడతాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. అందుకే రంగు, ధర, ఒక్కటే ఉందన్న మాట ముందుకొచ్చాయి. క్యాప్షన్‌లో పెట్టిన లింకు అక్కడ నొక్కినా పనిచేయదు కాబట్టి కోడ్ ఇచ్చారు. ట్యూబులైటు మాట రాస్తే అమ్మకం పోతుందేమోనని యజమానులు జంకుతారు. రంగు తేడా అని చీర తిరిగొస్తే రెండు వైపులా కొరియర్ ఖర్చు భరించాల్సి వస్తుందని గుర్తు చేస్తే ఒప్పుకుంటారు.

అదే చీర వాట్సాప్ స్టేటస్‌లో పెడితే రెండు లైన్లు చాలు. అయితే స్టేటస్ 24 గంటలే ఉంటుంది, పైగా దుకాణం నంబరు తమ ఫోనులో సేవ్ చేసుకున్నవారికే కనిపిస్తుంది. బిల్లిచ్చేటప్పుడు "నంబరు సేవ్ చేసుకోండి" అని కౌంటర్లో కుర్రాడు చెప్పకపోతే, ఇంటర్న్ ఎంత బాగా రాసినా ఆ స్టేటస్‌ను చూసేవాళ్లుండరు.

రాయకూడనివి కూడా ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2006లో తెచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ చీరకు లేనప్పుడు ఉందన్నట్టు రాయకూడదు. రంగులద్దినవారిని అడగకుండా 'సహజ రంగులు' అనకూడదు. మరమగ్గం చీర కూడా షాపులో అమ్ముతుంటే దానికి 'చేనేత' అన్న మాట తగిలించనేకూడదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనకు పది లక్షల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. పోస్టు కూడా ప్రకటనే.

చేనేత దుకాణానికి ప్రత్యేకమైన తలనొప్పి ఇంకొకటుంది. ఒక్కో రంగు కలయికలో తరచూ ఒకే చీర ఉంటుంది. మెటా బిజినెస్ సూట్‌లో గురువారం ఉదయానికి షెడ్యూల్ చేసిన పోస్టు, ఆ చీర మంగళవారమే కౌంటర్లో అమ్ముడైన సంగతి ఎరగదు. దాని వేళకు అది వెళ్లిపోతుంది. కావాలని ఇరవై మంది అడుగుతారు, ఇరవై మందికీ లేదని చెప్పాలి. దీనికి మందు 'సరుకు ఉందా' అన్న గడే: షెడ్యూల్ చేసిన చీరలకు చీటీ అంటించి వేరే అరలో పెట్టడం, ఆ అర జోలికి పోయేముందు ఇంటర్న్‌కు చెప్పమని కుర్రాడికి చెప్పడం. అమ్ముడయ్యాక పోస్టు తీసేయనక్కర్లేదు. పెట్టిన ఫొటో మార్చలేకపోయినా క్యాప్షన్ దిద్దుకోవచ్చు. "అమ్ముడైంది, ఇదే అంచుతో నీలం ఉంది" అని మొదటి లైన్ మారిస్తే సరిపోతుంది.

శనివారం సాయంత్రం షీట్లో ఇంకో గడి నిండుతుంది. లైకులు అందులో రాసినా రాయకపోయినా ఒకటే. ఎన్ని కోడ్లు వాట్సాప్‌లో వచ్చాయి, ఎన్ని అమ్ముడయ్యాయి, ఎంతమంది పోస్టును సేవ్ చేసుకున్నారు అన్నవి రాయాలి. ధర రాసిన పోస్టు కింద కూడా "ధర ఎంత?" అని కామెంట్లు వరుస కడితే, ధర మొదటి లైన్లో లేదన్నమాట. సేవ్‌లు బాగా ఉండి ఒక్క ఆర్డరూ రాకపోతే, ఆ చీర నచ్చిందే గానీ ధర దగ్గరో, రంగు మీద అనుమానంతోనో ఆగారు. అలాంటి చీరను వచ్చే వారం కట్టుకున్న ఫొటోతోనో, పగటి వెలుతురులో తీసిన వీడియోతోనో మళ్లీ పెట్టి చూడొచ్చు. ఆ వరుస కొత్త వారం షీట్లోకి ముందుగా ఎక్కుతుంది. రెండు వరుసలు మాత్రం ఖాళీగా ఉంచుతారు, సోమవారం మగ్గాల నుంచి ఏ రంగులు దిగుతాయో అప్పుడు గానీ తెలియదు కాబట్టి.